ఒక స్టారా, రెండు స్టార్లా? వాట్సాప్ బోల్డ్, మార్క్‌డౌన్ బోల్డ్ ఎందుకు కలవవు

ఒక కాలేజీ కోడింగ్ క్లబ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. వర్క్‌షాప్ శనివారం అని ముందు చెప్పారు, తర్వాత ఆదివారానికి మార్చారు. ఆ మార్పు చెప్పే నోటీసు ఒకరు వాట్సాప్ గ్రూపులో రాశారు, ముఖ్యమైన మాటలకు అటూ ఇటూ ఒక్కో స్టార్ పెట్టారు, బోల్డ్‌లో చక్కగా కనబడింది. అదే నోటీసును ఇంకొకరు కాపీ చేసి క్లబ్ గిట్‌హబ్ పేజీలోనూ, డిస్కార్డ్‌లోనూ పెట్టారు. అక్కడ స్టార్లు మాయమయ్యాయి గానీ బోల్డ్ రాలేదు, అక్షరాలు కాస్త పక్కకి వాలాయి, అంతే. తర్వాతి వారం గిట్‌హబ్ కోసం రెండేసి స్టార్లతో రాసిన నోటీసు వాట్సాప్‌కి వచ్చింది, ఈసారి మాటల పక్కన స్టార్లు మిగిలిపోయి కనబడ్డాయి. రాసినవాళ్లు ఎవరూ తప్పు చేయలేదు. ఒకే గుర్తుకి రెండు చోట్ల రెండు అర్థాలున్నాయి, గొడవంతా అక్కడే.

## క్లుప్తంగా

వాట్సాప్, స్లాక్, గూగుల్ చాట్‌లలో ఒక స్టార్ అంటే బోల్డ్. గిట్‌హబ్, డిస్కార్డ్ వాడే మార్క్‌డౌన్ అనే రాత పద్ధతిలో ఒక స్టార్ అంటే వాలు అక్షరాలు, రెండు స్టార్లు అంటే బోల్డ్. రాసింది ఎక్కడ చదువుతారో తెలిస్తే అక్కడి పద్ధతి వాడాలి. తెలియకపోతే రెండు స్టార్ల కన్నా ఒక స్టార్‌తో నష్టం తక్కువ. కానీ తేదీ, సమయం, నంబరు లాంటివి స్టార్‌ల మీద వదిలేయకుండా, గుర్తు పనిచేసినా చేయకపోయినా అర్థమయ్యేలా వాక్యంలోనే బలం పెట్టడం మేలు.

## ఒకచోట లెక్క, ఇంకోచోట గుర్తు

రెండు పద్ధతుల మధ్య తేడాని స్టార్ల సంఖ్య అని మాత్రమే గుర్తుపెట్టుకుంటే మళ్లీ మళ్లీ తికమక పడాల్సి వస్తుంది. వెనకున్న ఆలోచనే వేరు.

మార్క్‌డౌన్‌ను జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేశాడు. మామూలు టెక్స్ట్‌గా రాసింది వెబ్ పేజీ కోసం హెచ్‌టీఎంఎల్‌గా మారాలి, మార్చకముందు కూడా చదవడానికి ఇబ్బంది లేకుండా ఉండాలి అన్నది అతని ఉద్దేశం. హెచ్‌టీఎంఎల్‌లో నొక్కి చెప్పడానికి రెండు మెట్లున్నాయి. మామూలుగా నొక్కి చెప్పేదానికి `<em>`, గట్టిగా చెప్పేదానికి `<strong>`. బ్రౌజర్లు మొదటిదాన్ని సాధారణంగా వాలు అక్షరాల్లో, రెండోదాన్ని బోల్డ్‌లో చూపిస్తాయి. మార్క్‌డౌన్ ఈ రెండు మెట్లనీ స్టార్ల లెక్కతో చెబుతుంది: ఒకటైతే మొదటి మెట్టు, రెండైతే రెండో మెట్టు. అండర్‌స్కోర్ వాడినా ఇదే లెక్క. అంటే మార్క్‌డౌన్‌కి ఏ గుర్తు పెట్టారన్నది పెద్ద విషయం కాదు, ఎన్ని పెట్టారన్నదే విషయం.

చాట్ యాప్‌లు దీన్ని ఇంకోలా చూశాయి. ఒక్కో రూపానికి ఒక్కో గుర్తు ఇచ్చేశాయి. బోల్డ్‌కి స్టార్, వాలు అక్షరాలకి అండర్‌స్కోర్, కొట్టివేతకి టిల్డే గీత. ఇక్కడ లెక్కతో పని లేదు, అన్నీ ఒక్కొక్కటే.

```
*బోల్డ్*   _వాలు_   ~కొట్టివేత~
```

వాట్సాప్‌లో ఈ సదుపాయం 2016 నుంచి ఉంది. స్లాక్ కూడా దాదాపు ఇదే పద్ధతి పాటిస్తుంది, తన పద్ధతికి `mrkdwn` అని అచ్చులు తీసేసి పేరు పెట్టుకుంది. పేరు చూసి ఇది మార్క్‌డౌనే అనుకుని రెండేసి స్టార్లు పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.

మరి చాట్ యాప్‌లే మార్క్‌డౌన్‌ని చెడగొట్టాయా అంటే అలా అనడానికి లేదు. మాటకి అటూ ఇటూ ఒక్కో స్టార్ పెట్టి నొక్కి చెప్పడం మార్క్‌డౌన్ కన్నా పాత అలవాటు. ఈమెయిళ్లలో, యూజ్‌నెట్ చర్చల్లో అక్షరాలకి ఏ రూపమూ ఇవ్వలేని రోజుల్లోనే జనం అలా రాసేవాళ్లు, ఆ స్టార్లను ఏ ప్రోగ్రామూ మార్చేది కాదు, చదివేవాళ్లే అర్థం చేసుకునేవాళ్లు. మార్క్‌డౌన్‌కి పెద్ద ప్రేరణ మామూలు టెక్స్ట్ ఈమెయిలే అని గ్రూబర్ కూడా రాశాడు. ఒకే పాత అలవాటు నుంచి రెండు కొమ్మలు వచ్చాయన్నమాట. 2014లో మార్క్‌డౌన్ నియమాలను కచ్చితంగా రాసిపెట్టే కామన్‌మార్క్ ప్రయత్నం మొదలైంది, దానివల్ల మార్క్‌డౌన్ లోపలి తేడాలు తగ్గాయి గానీ చాట్ యాప్‌ల పద్ధతి దాని పరిధిలోది కాదు.

## ఒకే నోటీసు, నాలుగు రకాల చోట్ల

కోడింగ్ క్లబ్ నోటీసు దగ్గరికే మళ్లీ వద్దాం. వాట్సాప్‌లో రాసింది ఇది:

```
వర్క్‌షాప్ *ఆదివారం ఉదయం 10 గంటలకు*
```

వాట్సాప్‌లో బోల్డ్. స్లాక్, గూగుల్ చాట్‌లోనూ బోల్డే. గిట్‌హబ్‌లో, డిస్కార్డ్‌లో వాలు అక్షరాలు. టెలిగ్రామ్ యాప్‌లో టైప్ చేసి పంపితే స్టార్లు స్టార్లుగానే ఉండిపోతాయి, ఎందుకంటే ఆ యాప్ బోల్డ్‌కి రెండు స్టార్లు అడుగుతుంది. ఎస్సెమ్మెస్‌లో ఏ మార్పూ ఉండదు, టైప్ చేసింది చేసినట్టే వెళ్తుంది.

రెండేసి స్టార్లతో రాస్తే:

```
వర్క్‌షాప్ **ఆదివారం ఉదయం 10 గంటలకు**
```

గిట్‌హబ్, డిస్కార్డ్, టెలిగ్రామ్ యాప్‌లలో బోల్డ్ వస్తుంది. వాట్సాప్‌లో, స్లాక్‌లో అవసరం లేని స్టార్లు తెరమీద మిగులుతాయి. ఎస్సెమ్మెస్‌లో నాలుగు స్టార్లూ కనబడతాయి.

ఈ రెండు వైఫల్యాలు ఒకే రకం కావు. రెండు స్టార్లు చాట్ యాప్‌లో తప్పినప్పుడు అది కళ్లకి కనబడుతుంది. నోటీసు అందవికారంగా ఉంటుంది, కానీ తప్పు జరిగిందని పంపినవాళ్లకి వెంటనే తెలుస్తుంది, ముఖ్యమైన మాట ఏదో చదివేవాళ్లకీ అర్థమవుతుంది. ఒక స్టార్ మార్క్‌డౌన్‌లో తప్పినప్పుడు చప్పుడు ఉండదు. స్టార్లు పోయాయి కాబట్టి అంతా సరిగ్గా జరిగినట్టే ఉంటుంది, బోల్డ్ బదులు వాలు అక్షరాలు వచ్చాయని గమనించేవాళ్లు తక్కువ.

తెలుగులో ఇది ఇంకా ఎక్కువ. ఇంగ్లిష్ అచ్చులో వాలు అక్షరాలకి శతాబ్దాల సంప్రదాయం ఉంది, వాటి ఆకారమే వేరుగా గీస్తారు. తెలుగు అచ్చులో అలాంటి సంప్రదాయం లేదు, చాలా తెలుగు ఫాంట్లలో వాలు రూపమే ఉండదు, ఉదాహరణకి నోటో సాన్స్ తెలుగులో బరువులు సన్నం నుంచి బాగా మందం దాకా ఉన్నాయి గానీ వాలు రూపం లేదు. అలాంటప్పుడు బ్రౌజరే మామూలు అక్షరాన్ని పక్కకి తోసి చూపిస్తుంది. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నిలువు గీతలు తక్కువ, కాబట్టి వాలినట్టు సరిగ్గా తెలియదు. ఫోన్ తెరమీద చిన్న అక్షరాల్లో అయితే మరీ కష్టం. ఇంగ్లిష్ నోటీసులో `*Sunday*` అన్నది వాలి కనబడినా కన్ను కాస్త ఆగుతుంది, `*ఆదివారం*` వాలి కనబడితే ఆగుతుందని చెప్పలేం. దానికితోడు మనకి పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా లేదు, ఇంగ్లిష్‌లో అన్నీ పెద్దక్షరాల్లో రాసి గట్టిగా చెప్పే దారి తెలుగులో మూసుకుపోయింది. ఇంగ్లిష్ అక్షరాలను బోల్డ్‌లా చూపించే ప్రత్యేక యూనికోడ్ అక్షరాలున్నాయి, కొన్ని వెబ్‌సైట్లు వాటిని ఇస్తుంటాయి కూడా, అవి తెలుగుకి లేవు.

## ప్రత్యయాల దగ్గర వచ్చే చిక్కు

సరైన చోట సరైన లెక్కలో స్టార్లు పెట్టినా ఒక్కోసారి పనిచేయవు. తెలుగు రాసేవాళ్లకి ఇది ఎక్కువగా ఎదురవుతుంది, కారణం మన మాటలకి వెనకాల కి, లో, నుంచి లాంటివి అతుక్కుని రావడం. గిట్‌హబ్ పేజీ కోసం ఇలా రాశారనుకోండి:

```
అందరూ **హాల్ 3 (రెండో అంతస్తు)**లో కలవాలి
```

చూడటానికి తప్పేమీ లేదు, కానీ ఇక్కడ బోల్డ్ రాదు, నాలుగు స్టార్లూ తెరమీద కనబడతాయి. కామన్‌మార్క్ ఒక స్టార్ల జతని చూసినప్పుడు అది మొదలా ముగింపా అన్నది దాని రెండు పక్కలా ఉన్న అక్షరాలను బట్టి తేల్చుకుంటుంది. పైన రెండో జతకి ఎడమపక్క బ్రాకెట్ ఉంది, కుడిపక్క లో అనే అక్షరం ఆనుకుని ఉంది. ఎడమపక్క విరామచిహ్నం ఉంటే, కుడిపక్క ఖాళీ గానీ ఇంకో విరామచిహ్నం గానీ ఉన్నప్పుడే దాన్ని ముగింపుగా ఒప్పుకోవాలన్నది నియమం. ఇక్కడ అక్షరం ఉంది కాబట్టి దాన్ని కొత్త మొదలుగా లెక్కేస్తుంది. మొదలులు రెండు, ముగింపు ఒక్కటీ లేదు, అందుకే ఏదీ మారదు. మాటలకి ఖాళీలు పెట్టి విడదీసే ఇంగ్లిష్ రాతలో ఈ పరిస్థితి అరుదు. చైనీస్, జపనీస్ రాసేవాళ్లకి ఇది బాగా తెలిసిన తలనొప్పి.

బ్రాకెట్ లేకుండా `**హాల్**లో` అని రాస్తే మార్క్‌డౌన్‌లో బోల్డ్ వస్తుంది, స్టార్ మాట మధ్యలో ఉన్నా అది ఒప్పుకుంటుంది. చాట్ యాప్‌ల పద్ధతిలో మాత్రం గుర్తు మాట అంచున ఉండాలి, స్లాక్‌లో స్టార్ తర్వాత అక్షరం ఆనుకుంటే బోల్డ్ పోతుంది. రెండిటికీ పనికొచ్చే మందు ఒకటే, ప్రత్యయాన్ని కూడా లోపలికి తీసుకోవడం.

```
అందరూ **హాల్ 3 (రెండో అంతస్తు)లో** కలవాలి
```

స్టార్‌కీ మాటకీ మధ్య ఖాళీ ఉండకూడదన్నది రెండు కుటుంబాల్లోనూ ఉన్న నియమమే. `* గమనిక *` అని గాలి ఆడేలా రాస్తే, వరస మొదట్లో స్టార్, ఆ వెంటనే ఖాళీ ఉండటంతో మార్క్‌డౌన్ దాన్ని జాబితాలో అంశం అనుకుని ముందు ఒక బుల్లెట్ పెడుతుంది, చివరి స్టార్ మిగిలిపోతుంది.

## స్టార్ పోతే అర్థమే మారే చోటు

బోల్డ్ రాకపోవడం ఒక ఇబ్బంది. అసలు బోల్డ్ కోసం పెట్టని స్టార్‌ని యాప్ తినేయడం అంతకన్నా పెద్దది. కాల్ ఫార్వర్డింగ్ కోడ్ దీనికి మంచి ఉదాహరణ:

```
*21*నంబర్#
```

దీన్ని మార్క్‌డౌన్ పేజీలో మామూలు వాక్యంగా రాస్తే మొదటి స్టార్ మొదలు అవుతుంది, రెండోది ముగింపు అవుతుంది, 21 వాలుతుంది, స్టార్లు రెండూ కనబడకుండా పోతాయి. చదివేవాళ్లకి మిగిలేది 21, దాని వెనక నంబరు. అది డయల్ చేస్తే ఏ పనీ జరగదు. పేజీ రాసినవాళ్లకి ఎడిట్ పెట్టెలో స్టార్లు కనబడుతూనే ఉంటాయి కాబట్టి తప్పు ఎక్కడుందో త్వరగా దొరకదు. ఇంత పెద్ద కోడ్‌కే కాదు, `2*3*4` అని గుణకారం రాసినా మార్క్‌డౌన్‌లో ఇదే జరుగుతుంది. బ్యాంకింగ్‌కి వాడే `*99#` లో స్టార్ ఒక్కటే కాబట్టి అది బతికిపోతుంది, అదే పేరాలో దాన్ని ముగించగలిగే ఇంకో స్టార్ వస్తే తప్ప.

మార్క్‌డౌన్‌లో స్టార్‌కి ముందు వెనక్కి వాలిన గీత పెట్టి `\*` అని రాస్తే స్టార్ స్టార్‌గానే ఉంటుంది. ఆ గీత వాట్సాప్‌కి అర్థం కాదు, దాన్నీ అలాగే చూపిస్తుంది. రెండు చోట్లా పనిచేసేది బ్యాక్‌టిక్, అంటే కీబోర్డులో టిల్డే గీతతో పాటు ఉండే వాలు చుక్క. కోడ్‌ని రెండు బ్యాక్‌టిక్‌ల మధ్య పెడితే లోపలున్న దేన్నీ ముట్టుకోవద్దని అర్థం. మార్క్‌డౌన్, డిస్కార్డ్, స్లాక్, టెలిగ్రామ్ అన్నీ దీన్ని ఒప్పుకుంటాయి, వాట్సాప్‌లో కూడా 2024 నుంచి ఒక్కో బ్యాక్‌టిక్‌తో రాయొచ్చు.

## ఒకే కంపెనీలో రెండు పద్ధతులు

యాప్ పేరు చూసి పద్ధతి తేల్చేయడం కూడా ఒక్కోసారి కుదరదు. టెలిగ్రామ్‌లో మనిషి టైప్ చేసే పెట్టె రెండు స్టార్లు అడుగుతుంది. అదే టెలిగ్రామ్‌లో బాట్ ద్వారా పంపే సందేశానికి `parse_mode` అనే చోట `MarkdownV2` అని ఇస్తే అక్కడ బోల్డ్‌కి ఒక స్టార్! పేరులో మార్క్‌డౌన్ ఉన్నా లెక్క చాట్ కుటుంబానిది. పైగా అక్కడ చుక్క, గీత, బ్రాకెట్ లాంటి మామూలు గుర్తుల ముందు కూడా వెనక్కి వాలిన గీత పెట్టాలి, ఒక్కటి మర్చిపోయినా సందేశం మొత్తం వెళ్లదు. మనుషులు రాసిన నోటీసులను బాట్ ద్వారా పంపే గ్రూపులకి అందుకే `HTML` పద్ధతి తేలిక, అందులో కోణపు బ్రాకెట్లు, ఆంపర్సాండ్ చూసుకుంటే చాలు.

స్లాక్‌లో 2019 నుంచి బోల్డ్ బటన్ ఉన్న పెట్టె వచ్చింది, టైప్ చేస్తుండగానే రూపం మారిపోతుంది. అక్కడ స్టార్లతో పనే లేదు, కానీ ప్రోగ్రామ్ నుంచి పంపే టెక్స్ట్‌కి మామూలుగా `mrkdwn` నియమాలు తెలియాలి. అందుకే స్లాక్ బోల్డ్‌కి ఎన్ని స్టార్లు అని అడిగితే, చేత్తో టైప్ చేస్తున్నారా ప్రోగ్రామ్‌తో పంపుతున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి.

## తెలియనప్పుడు ఏం రాయాలి

ముందు, తెలుసుకునే వీలుంటే తెలుసుకోవడమే మంచిది, దానికి ఒక్క వరస చాలు.

```
*ఒకటి* **రెండు**
```

ఎక్కడ రాయాలో అక్కడ దీన్ని ప్రివ్యూలో గానీ, తనకి తాను పంపుకునే చాట్‌లో గానీ పెట్టి చూడాలి. ఒకటి అన్న మాట స్టార్లు లేకుండా బోల్డ్‌గా ఉండి, రెండు పక్కన స్టార్లు మిగిలితే అది చాట్ పద్ధతి. ఒకటి వాలి, రెండు బోల్డ్ అయితే మార్క్‌డౌన్. ఒకటి స్టార్లతోనే ఉండి రెండు బోల్డ్ అయితే టెలిగ్రామ్ యాప్ లాంటిది. ఏదీ మారకపోతే అక్కడ ఏ గుర్తూ పనిచేయదు. పరీక్షకి రెండు మాటలూ కావాలి, ఒక్క `*ఒకటి*` మాత్రమే పెట్టి చూస్తే తెలుగులో వాలిందో లేదో కన్ను పట్టుకోకపోవచ్చు.

పరీక్షించే వీల్లేనప్పుడు, ఉదాహరణకి ఎవరో కాపీ చేసి ఎక్కడెక్కడో పెడతారని తెలిసినప్పుడు, స్టార్ తప్పనిసరిగా వాడాలంటే ఒక స్టార్ వాడటం మెరుగు. చాట్ యాప్‌లలో బోల్డ్ వస్తుంది, మార్క్‌డౌన్‌లో వాలుతుంది, ఏ గుర్తూ పనిచేయని చోట పాత ఈమెయిల్ అలవాటు ప్రకారం చదివేవాళ్లకి అర్థమవుతుంది. ఎక్కడా చెత్త ఎక్కువగా మిగలదు. మూడు స్టార్లు పెడితే అన్నిటికీ సరిపోతుందని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. మార్క్‌డౌన్‌లో బోల్డ్, వాలు రెండూ కలిసి వస్తాయి, చాట్‌లో ఇంకా ఎక్కువ స్టార్లు మిగులుతాయి. రెండు అండర్‌స్కోర్లు అయితే మరీ గందరగోళం: మార్క్‌డౌన్‌లో బోల్డ్, డిస్కార్డ్‌లో కింద గీత, టెలిగ్రామ్‌లో వాలు అక్షరాలు.

కానీ ఒక స్టార్ చప్పుడు లేకుండా తప్పుతుందని పైన చూశాం. పొరపాటైతే జనం ఒకరోజు ముందు వచ్చి తాళం వేసిన హాలు ముందు నిలబడాల్సిన విషయాన్ని ఆ స్టార్ చేతిలో పెట్టకూడదు. ఇక్కడ మన భాషే సాయం చేస్తుంది. ఇంగ్లిష్‌లో బోల్డ్ చేసే పనిలో సగం తెలుగులో మాట చివర వచ్చే ఒక్క ఏ చేస్తుంది. ఆదివారం అనేదాన్ని ఆదివారమే అంటే స్టార్లు లేకుండానే బలం వచ్చేసింది. శనివారం కాదు అని పాత సంగతి కొట్టేస్తే ఇంకా గట్టిగా తగులుతుంది. ముఖ్యమైన విషయానికి సొంత వరస ఇచ్చి, ముందు ఒక మాట, పక్కన రెండు చుక్కలు పెడితే కన్ను అక్కడే ఆగుతుంది. క్లబ్ నోటీసు అప్పుడు ఇలా ఉంటుంది:

```
వర్క్‌షాప్ తేదీ మారింది. శనివారం కాదు, ఆదివారమే.

- సమయం: ఉదయం 10 గంటలు
- చోటు: హాల్ 3, రెండో అంతస్తు
```

ఇందులో గుర్తు అంటూ ఉన్నది వరస ముందు గీత ఒక్కటే. మార్క్‌డౌన్ దాన్ని బుల్లెట్ చేస్తుంది, వాట్సాప్ కూడా 2024 నుంచి చేస్తోంది, ఎస్సెమ్మెస్‌లో గీత గీతగానే ఉంటుంది, అప్పుడూ జాబితాలాగే కనబడుతుంది. గీతకి ముందున్న ఖాళీ వరస కూడా ఊరికే పెట్టింది కాదు, మార్క్‌డౌన్‌లో పక్కపక్క వరసలు ఒకే పేరాగా కలిసిపోయే అవకాశం ఉంది, ఖాళీ వరస ఉంటే విడిగానే నిలబడతాయి.

ఈ నోటీసుని వాట్సాప్‌లో ఎవరైనా మరింత కొట్టొచ్చినట్టు చేయాలనుకుంటే ఆదివారమే అన్న ఒక్క మాటకి స్టార్ పెట్టుకోవచ్చు, గిట్‌హబ్‌లో పెట్టేవాళ్లు రెండు పెట్టుకోవచ్చు. ఆ స్టార్లు రేపు ఇంకెక్కడికో కాపీ అయి వాలిపోయినా, మిగిలిపోయినా, పూర్తిగా మాయమైనా హాలు దగ్గరికి అందరూ ఆదివారమే వస్తారు.